ఐసీయూ సింకులో సూడోమోనాస్ ఉందేమో చూడటం ఎలా, ఉంటే దాన్ని రోగి దాకా రాకుండా ఆపడం ఎలా

"సార్, సింకులో రోజూ బ్లీచింగ్ పోస్తూనే ఉన్నామండీ, అయినా కల్చర్లలో సూడోమోనాస్ వస్తూనే ఉంది, ఎక్కడినుంచి వస్తోందో ఎలా పట్టుకోవాలి?" అని చిన్న, మధ్యస్థాయి ఆసుపత్రుల ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు పదే పదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, చేయవలసిన పనిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఇది పరిశోధనకు, నివారణకు సంబంధించిన పద్ధతి మాత్రమే. రోగికి ఏ మందు ఇవ్వాలన్నది చికిత్స చేస్తున్న డాక్టరుగారు నిర్ణయించవలసిన విషయం.

ముందుగా తెలియవలసిన కాస్త

సూడోమోనాస్ ఎరుజినోసా నీటిలో బతికే బాక్టీరియా. దాని పేరులోని రెండో మాటకు మూలం రాగి పాత్రకు పట్టే చిలుము. అది పెరిగిన చోట కనిపించే నీలి ఆకుపచ్చ రంగును బట్టి ఆ పేరు వచ్చింది. 1882లో ఫ్రాన్సులో కార్ల్ గెస్సార్డ్ అనే ఆయన దాన్ని మొదట వేరుచేసింది కూడా ఆకుపచ్చగా మారిన గాయపు కట్లలోనుంచే. దానికి ప్రత్యేకమైన ఆహారం అక్కరలేదు. డిస్టిల్డ్ వాటర్‌లో ఉండే అత్యల్పమైన మలినం సైతం దానికి చాలునని 1971లోనే అమెరికాలో ఆసుపత్రి నీటిపై జరిగిన పరీక్షలు చూపించాయి. గొట్టం లోపలి గోడకు అంటుకొని, తన చుట్టూ జిగురు పొర కట్టుకొని అది స్థిరపడుతుంది. దానికి గిట్టనిది ఆరిపోవడం. కాబట్టి ఎప్పుడూ తడి ఆరని చోటును, అంటే సింకు జాలీని, కుళాయి మూతిని, ఆక్సిజన్ హ్యుమిడిఫయర్ సీసాను, వెంటిలేటర్ గొట్టంలో నిలిచే నీటిని అది వెతుక్కుంటుంది.

రెండో సంగతి దాని పుట్టుకతోనే వచ్చిన మొండితనం. దాని బయటి పొరలోని ద్వారాలు చాలా ఇరుకైనవి కనుక మందు లోపలికి మెల్లగా చేరుతుంది. చేరిన కొద్దిపాటి మందును కూడా, చిల్లుపడ్డ పడవలో నీళ్లు తోడిపోసినట్టు, పొరలోని పంపులు బయటికి తోడేస్తాయి. ఇవి చాలవన్నట్టు, కొన్ని పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులు ఎదురైనప్పుడు వాటిని విరగ్గొట్టే ఎంజైమును అది మరింతగా తయారుచేస్తుంది. ఈ మొండితనం ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నది కాదు, ఆ జాతి మొత్తానికీ ఉన్నదే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే, రిపోర్టు చదివేటప్పుడు, శుభ్రపరిచే ద్రావణాన్ని ఎంచుకునేటప్పుడు, ల్యాబులో దాన్ని పట్టుకునేటప్పుడు మూడు చోట్లా పనికొస్తుంది.

కావలసినవి

స్టెరైల్ చేసిన 500 మిల్లీలీటర్ల సీసాలు ఒక్కో కుళాయికి రెండు చొప్పున కావాలి. వాటిలో సోడియం థయోసల్ఫేట్ ముందే వేసి ఉండాలి, లీటరుకు 18 మిల్లీగ్రాముల లెక్కన సీసాకు 9 మిల్లీగ్రాములు సరిపోతుంది. నీటిలోని క్లోరిన్ దారిలో కూడా పని చేస్తూ బాక్టీరియాను చంపకుండా ఇది ఆపుతుంది. వీటితోపాటు స్టెరైల్ స్వాబులు, ఐస్ బాక్సు, చెరగని మార్కరు, కొలత టేపు, టార్చిలైటు, చిమ్ముడు పరీక్షకు కొద్దిగా ఫ్లోరెసీన్ రంగు, ఒక అతినీలలోహిత టార్చి ఉండాలి. ఫ్లోరెసీన్ సాధారణంగా కంటి విభాగంలో దొరుకుతుంది. ల్యాబులో మెంబ్రేన్ ఫిల్టర్ సామగ్రి, సెట్రిమైడ్ అగార్ ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే ఆ సౌకర్యం ఉన్న మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగంతో మాట్లాడుకున్నాకే నమూనాలు తీయండి. తీశాక వెతుక్కుంటే నమూనా పాడవుతుంది.

1. నీళ్లకన్నా ముందు కాగితాలు చూడండి

గత మూడు నెలల్లో ఐసీయూ నుంచి సూడోమోనాస్ ఎరుజినోసా వచ్చిన కల్చర్ రిపోర్టులన్నీ బయటికి తీయండి. ఆసుపత్రిలో చేరిన 48 గంటలు దాటాక తీసిన నమూనాలను ఒక వరుసలో, అంతకుముందే తీసినవాటిని వేరే వరుసలో రాయండి, ఎందుకంటే రెండో వరుసలోనివారు దాన్ని బయటినుంచి తెచ్చుకొని ఉండవచ్చు. ప్రతి రోగి ఏ పడకమీద ఎన్ని రోజులున్నారో రాసి, ఐసీయూ పటం గీసి, సింకులను అందులో గుర్తుపెట్టండి. పడక మారిన రోగి విషయంలో అన్ని పడకలూ రాయాలి. చాలామంది చివరి పడక ఒక్కటే రాసి అసలు దారిని పోగొట్టుకుంటారు.

2. మందుల రిపోర్టును పోల్చేటప్పుడు పుట్టు నిరోధకతను లెక్కనుంచి తీసేయండి

ఎక్కువ తప్పులు జరిగేది ఈ దశలోనే. ఇద్దరు రోగుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి, "ఆంపిసిలిన్‌కు లొంగలేదు, సెఫ్ట్రయాక్సోన్‌కు లొంగలేదు, కోట్రైమోక్సజోల్‌కు లొంగలేదు, డాక్సీసైక్లిన్‌కు లొంగలేదు, రెండింటిలోనూ అంతే, కాబట్టి ఇది ఒకే మూలంనుంచి వచ్చింది" అని తేల్చేస్తారు. ఆ మందులకు ఈ జాతిలో దేన్ని తీసుకున్నా లొంగదు. ఇద్దరు మనుషులకూ రెండేసి కళ్లున్నాయి కనుక అన్నదమ్ములై ఉంటారనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అమాక్సిసిలిన్‌ క్లావులనేట్, సెఫోటాక్సిమ్, ఎర్టాపెనెమ్, టైజిసైక్లిన్, క్లోరాంఫెనికాల్ కూడా ఈ జాబితాలోవే.

పోల్చవలసింది ఒక్కో తెగలో ఒక్కోలా ఉండగల మందులను: సెఫ్టాజిడిమ్, పిపెరాసిలిన్‌ టాజోబాక్టామ్, మెరోపెనెమ్, సిప్రోఫ్లాక్ససిన్, టోబ్రామైసిన్ వంటివి. ఈ అయిదింటిలో ఏవి పనిచేశాయి, ఏవి పనిచేయలేదు అన్న వరుస కలిస్తే అనుమానం బలపడుతుంది. అప్పటికీ అది అనుమానమే. ఒకే తెగ అని రూఢిచేయడానికి జన్యు పరీక్ష కావాలి. వరుస కలవకపోయినా పూర్తిగా కొట్టేయవద్దు, ఎందుకంటే మందు వాడుతున్న రోగి ఒంట్లో ఈ సూక్ష్మజీవి కొన్ని రోజుల్లోనే కొత్త నిరోధకత తెచ్చుకోగలదు.

ఒకవేళ రిపోర్టులో సెఫ్ట్రయాక్సోన్ పనిచేస్తుందని వస్తే సంతోషించవద్దు. గుర్తింపు తప్పయి ఉండాలి, లేదా పరీక్షలో పొరపాటు జరిగి ఉండాలి. ల్యాబువారిని మళ్లీ చేయమనండి.

3. నీటి నమూనా: తెల్లవారుజామున, మొదటి ధార

కుళాయిని, తెలంగాణలో మనం నల్లా అంటాం, కనీసం రెండు గంటలు ఎవరూ తిప్పకుండా ఉంచాలి. ఐసీయూలో అది తేలిక కాదు కనుక, రాత్రి డ్యూటీ సిస్టరుకు ముందే చెప్పి, సింకుకు అడ్డంగా టేపు అతికించి, ఆ రెండు గంటలూ చేతులకు ఆల్కహాల్ రబ్ వాడమనండి. తెల్లవారుజామున అయిదు గంటల ప్రాంతం నాకు అనువుగా ఉంటుంది.

కుళాయి మూతిని తుడవవద్దు, దానికున్న జల్లెడ ముక్కను విప్పవద్దు, నీళ్లు వదిలి పారబోయవద్దు. సీసాను నేరుగా మూతి కింద పెట్టి, మెల్లగా తిప్పి, మొట్టమొదటి చుక్కనుంచే పట్టండి. ల్యాబుకు కావలసింది 100 మిల్లీలీటర్లే అయినా కనీసం 200 పట్టండి. ఇది మొదటి ధార నమూనా. ఆ తరువాత కుళాయి మూతిని క్రిమిరహితం చేసి, రెండు నిమిషాలు నీళ్లు వదిలి, రెండో సీసా పట్టండి. సీసాలమీద సింకు సంఖ్య, వేళ, "మొదటి" లేదా "రెండో" అన్న మాట అప్పటికప్పుడే రాయాలి. ఐస్ బాక్సులో తడిసిన తరువాత రెండు సీసాలూ ఒకేలా కనిపిస్తాయి. రెండు గంటల్లో ల్యాబుకు చేర్చలేకపోతే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి, 24 గంటలలోపు పరీక్ష మొదలయ్యేలా చూడండి.

ఒక హెచ్చరిక. ప్రతి మూడు నెలలకూ చేయించే తాగునీటి పరీక్ష రిపోర్టు చూపించి "మా నీళ్లు బాగానే ఉన్నాయి" అనేవారు చాలామంది. ఆ పరీక్ష వెతికేది కోలిఫారంలను, అంటే నీటిలో మలం కలిసిందేమో సూచించే బాక్టీరియా గుంపును. సూడోమోనాస్ కోలిఫారం కాదు, కాబట్టి ఆ రిపోర్టు ఎంత మంచిగా ఉన్నా మన ప్రశ్నకు జవాబు కాదు.

4. జాలీ కింద స్వాబు

నీటి నమూనాలు అయ్యాక, స్వాబును స్టెరైల్ సెలైన్‌లో తడిపి, సింకు జాలీ రంధ్రంలోంచి కిందికి దింపి, గొట్టం లోపలి గోడను చుట్టూ గట్టిగా రుద్దండి. నీళ్లను తాకించి బయటికి తీస్తే చాలదు. అది నివసించేది గోడకున్న జిగురులో. పైకి తీసినప్పుడు దూదికి బూడిద రంగు, నలుపు కలిసిన జావలాంటిది సాగుతూ అంటుకొని వస్తే, స్వాబు చేరవలసిన చోటికి చేరినట్టు. స్వాబు శుభ్రంగా తెల్లగా వస్తే మళ్లీ తీయండి. బ్లీచింగ్ పోసిన ఉదయం తీసిన స్వాబు దేనికీ పనికిరాదు, కనుక ముందురోజు సాయంత్రం నుంచే ఆ పోయడాన్ని ఆపించండి.

5. ల్యాబును ఏం అడగాలి, అంకెను ఎలా చదవాలి

100 మిల్లీలీటర్ల నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టరుగుండా వడకట్టి, ఆ ఫిల్టరును సెట్రిమైడ్ అగార్‌పై పెట్టి, 37 డిగ్రీల వద్ద 48 గంటలు ఉంచి లెక్కపెట్టమనండి. సెట్రిమైడ్ అన్నది క్రిమిసంహారిణి. మిగతా చాలా జాతులను అది అణచివేస్తుంది, ఇది మాత్రం పెరుగుతుంది. దాని మొండితనమే ఇక్కడ మనకు గాలంగా పనిచేస్తుంది. పళ్లెం మూత తీసేసరికి మాగిన ద్రాక్షపండ్లలాంటి తియ్యని వాసన, అతినీలలోహిత కాంతిలో మెరుపు, ఆకుపచ్చ రంగు ఉంటే గుర్తింపు తేలిక. అయితే రంగు లేని తెగలూ ఉన్నాయి, కాబట్టి "ఆకుపచ్చ రాలేదు, లేదు" అని రాస్తే ఒప్పుకోవద్దు. ఆక్సిడేజ్ పరీక్ష, 42 డిగ్రీల వద్ద పెరుగుదల చూసి నిర్ధారించాలి. ఇక వాసనకోసం పళ్లేన్ని ముక్కు దగ్గర పెట్టుకునే పాత అలవాటు మానేయండి, అది దూరం నుంచే తెలుస్తుంది.

అంకెలు చదవడానికి బ్రిటన్ ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఒక తేలికైన కొలత ఇచ్చాయి. 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ లేకపోతే సంతృప్తికరం. 1 నుంచి 10 ఉంటే మళ్లీ పరీక్షించి కారణం వెతకాలి. 10 దాటితే ఆ కుళాయిని వాడుకనుంచి తప్పించాలి. ఆ మార్గదర్శకాల వెనుక ఒక విషాదం ఉంది. 2012 జనవరిలో బెల్‌ఫాస్ట్‌లోని రాయల్ జూబిలీ ప్రసూతి ఆసుపత్రి నవజాత శిశు విభాగంలో ఈ సూక్ష్మజీవి సోకి ముగ్గురు శిశువులు మరణించారు. కుళాయిలు విప్పి చూస్తే, ధార చెదరకుండా ఉండటానికి మూతికి అమర్చిన చిన్న ప్లాస్టిక్ భాగాల్లో అది గూడుకట్టుకొని కనిపించింది.

రెండు సీసాలు ఎందుకు పట్టామో ఇప్పుడు తెలుస్తుంది. మొదటి ధారలో ఎక్కువ, రెండో ధారలో తక్కువ లేదా సున్నా అయితే దోషం కుళాయి మూతిలోనో, దాని దగ్గర గొట్టంలోనో ఉంది. రెండింటిలోనూ ఇంచుమించు సమానంగా ఉంటే దోషం వెనకాల, అంటే పైపులైనులోనో పైకప్పు ట్యాంకులోనో ఉంది. అప్పుడు ఒక్క కుళాయి మార్చి ప్రయోజనం లేదు.

జాలీ స్వాబు సంగతి వేరు. సింకు గొట్టంలో సూడోమోనాస్ ఉండటం మామూలు విషయం, వెతికితే చాలా సింకుల్లో దొరుకుతుంది. అది దొరికినంత మాత్రాన నేరస్థుడు దొరికినట్టు కాదు. అక్కడినుంచి రోగి దాకా దారి ఉందా అన్నదే ప్రశ్న.

6. చిమ్ముడు పరీక్ష

టొరంటోలోని ఒక ఐసీయూలో 2004 చివరినుంచి 2006 వరకు, అనేక మందులకు లొంగని సూడోమోనాస్ 36 మంది రోగులకు సోకింది. చేతులు కడుక్కునే సింకుల గొట్టాల్లోనే అది ఉందని తేలాక, వారు మెరిసే రంగు వాడి చూస్తే, కుళాయి ధార సూటిగా జాలీమీద పడి చిమ్మిన తుంపర్లు కనీసం ఒక మీటరు దూరం వెళ్తున్నట్టు కనిపించింది. అదే పరీక్షను మనమూ చేయవచ్చు.

సింకు చుట్టూ ఉన్న మందులు, ట్రాలీ తీసేసి, కళ్లద్దాలు, గౌను వేసుకొని, ఫ్లోరెసీన్ కలిపిన నీళ్లు జాలీమీద పోయండి. లైట్లు ఆర్పి, మామూలుగా చేతులు కడుక్కునేంత వేగంతో ఒక నిమిషం కుళాయి వదలండి. తరువాత అతినీలలోహిత టార్చితో చుట్టూ వెతికి, మెరిసిన ప్రతి చుక్కకూ సింకు అంచునుంచి దూరం కొలిచి పటంమీద రాయండి. రంగు దొరకకపోతే చుట్టూ నేలమీద, గట్టుమీద పాత వార్తాపత్రికలు పరిచి తడి మచ్చలు చూసినా పని జరుగుతుంది, చిన్న తుంపర్లు మాత్రం తప్పిపోతాయి.

7. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం

నేర్చుకోవడానికి వేసుకున్న అంకెలివి. ఎనిమిది పడకల ఐసీయూ. ఒకటో సింకు 3, 4 పడకల మధ్య, రెండోది తలుపు పక్కన ఉన్నాయి. ఆరు వారాల్లో నలుగురు రోగులకు సూడోమోనాస్ వచ్చింది: 3లో ఒకరు, 4లో ఇద్దరు, 7లో ఒకరు. సెఫ్ట్రయాక్సోన్, కోట్రైమోక్సజోల్ నలుగురిలోనూ పనిచేయలేదు, కాబట్టి మొదట అందరూ "నలుగురిదీ ఒకటే" అన్నారు. వాటిని పక్కనపెట్టి చూస్తే, 3, 4 పడకల ముగ్గురిలో మెరోపెనెమ్, సిప్రోఫ్లాక్ససిన్ రెండూ పనిచేయలేదు, టోబ్రామైసిన్ పనిచేసింది. 7వ పడకవారిలో మూడూ పనిచేశాయి. ఆయన వేరే ఆసుపత్రినుంచి గొంతులో గొట్టంతో వచ్చారు, నమూనా చేరిన రోజే తీశారు. ఆయన్ని లెక్కలోంచి తీసేశాం.

ఒకటో సింకు మొదటి ధారలో 84, రెండో ధారలో సున్నా వచ్చింది. జాలీ స్వాబులో దొరికినదానికి ఆ ముగ్గురి వరుసే ఉంది. రెండో సింకు నీళ్లు రెండు సీసాల్లోనూ సున్నా. జాలీలో సూడోమోనాస్ ఉంది కానీ పోల్చిన ఆ మూడు మందులకూ లొంగేది. చిమ్ముడు పరీక్షలో ఒకటో సింకునుంచి 70 సెంటీమీటర్ల దూరం వరకు చుక్కలు మెరిశాయి. ఇంజెక్షన్లు కలిపే ట్రాలీ ఉండే చోటు 60 సెంటీమీటర్ల దూరం.

ఇక్కడ రెండు దోషాలున్నాయి: కుళాయి మూతి, చిమ్మే సింకు. మొదటిదాన్ని మాత్రమే సరిచేసి ఊరుకుంటే పని సగమే అవుతుంది.

8. సరిచేయడం

కుళాయి మూతి జల్లెడను విప్పి పారేయండి, కడిగి మళ్లీ పెట్టవద్దు. జల్లెడ లేకుండా ధార ఎక్కువ చిమ్మితే, వేగాన్ని కింది వాల్వు దగ్గర తగ్గించండి. ధార జాలీమీద సూటిగా పడకుండా సింకు పక్క గోడమీద పడేలా ప్లంబరుతో మూతి మార్పించండి. మందులు కలిపే ట్రాలీ, స్టెరైల్ సామాను, రోగి పడక సింకుకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. స్థలం లేకపోతే మధ్యలో అడ్డుపలక నిలబెట్టండి.

చేతుల సింకులో చేతులు తప్ప ఇంకేమీ కడగకూడదు. మిగిలిన గ్లూకోజు సెలైను, ట్యూబులో పోసే ఆహారం, టీ, యాంటీబయాటిక్ సీసాల్లో మిగిలిన మందు, ఇవన్నీ అందులోనే పోస్తుంటారు. ఆహారం దానికి మేత అవుతుంది, మిగిలిన మందు లొంగేవాటిని చంపి లొంగనివాటికి చోటు చేస్తుంది. దీన్ని ఆపడం అన్నిటికన్నా చవకైన పని, అన్నిటికన్నా కష్టమైన పని కూడా. బోర్డు పెడితే జరగదు, పారబోయడానికి వేరే చోటు చూపించాలి.

బ్లీచింగ్ సంగతికి వద్దాం. పోసిన ద్రావణం సింకు కింది బాటిల్ ట్రాపులో నిలిచిన నీటిలో కలిసి పలచబడి, క్షణాల్లో జారిపోతుంది. జిగురు పొర పైభాగం తగలబడుతుంది, లోపలివి మళ్లీ పెరుగుతాయి. ట్రాపు ఒక్కటే మార్చినా కొన్నాళ్లకు మళ్లీ నిండుతుంది. వర్జీనియాలో 2017లో ప్రచురితమైన ప్రయోగంలో ట్రాపులో వేసిన ఈకోలై, పైన పోషకాలు పడుతూ ఉంటే, గొట్టం గోడవెంట రోజుకు దాదాపు ఒక అంగుళం పైకి పాకి, వారంలో జాలీని చేరింది. అది వేరే జాతే అయినా దారి ఇదే. ట్రాపు, దానిపై గొట్టం, జాలీ మూడూ కలిపి మార్చాలి. బ్లీచింగ్‌ను, బాత్రూముకు వాడే యాసిడ్‌ను ఒకదానిమీద ఒకటి ఎన్నడూ పోయవద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన ఐసీయూ గదిలో అది ప్రాణాంతకం.

సెట్రిమైడ్, బెంజాల్కోనియం కలిసిన ద్రావణాలతో సింకు కడగడం మరింత వ్యర్థం. ల్యాబు పళ్లెంలో దాన్ని పెంచింది ఆ సెట్రిమైడ్‌మీదే కదా. పలచగా కలిపి, దూది వేసి, అయిపోతున్నప్పుడల్లా పైనుంచి నింపే డ్రెస్సింగ్ ట్రాలీ సీసా స్వయంగా దానికి నివాసం కావచ్చు. చిన్న సీసాలు వాడండి, కలిపిన తేదీ, వేళ రాయండి, 24 గంటలు దాటితే పారబోసి, సీసా మార్చండి, మిగిలినదానిలో కొత్తది కలపవద్దు.

9. పని జరిగిందో లేదో చూసుకోవడం

మార్పులు చేసిన మూడో రోజు, తరువాత వారానికొకసారి మూడు వారాలు మొదటి ధార నమూనా తీయండి. మన ఉదాహరణలో మొదటిసారి సున్నా, రెండోసారి సున్నా, మూడోసారి 3 వచ్చిందనుకోండి. హడావిడి వద్దు, వదిలేయనూ వద్దు: ఆ కుళాయిని వాడకుండా వదిలేశారేమో అడగండి, వాడని కుళాయిలో నీళ్లు నిలిచి మళ్లీ పెరుగుతాయి. రోజూ ఉదయం ఒక నిమిషం వదలడం మొదలుపెట్టి మళ్లీ పరీక్షించండి. చిమ్ముడు పరీక్షను కూడా ఒకసారి తిరిగి చేయండి.

జాలీ స్వాబు సున్నా కావాలని పట్టుపట్టవద్దు, అది కొద్దికాలంలో మళ్లీ పాజిటివ్ కావచ్చు, కంగారుపడి మళ్లీ బ్లీచింగ్ మొదలుపెడతారు. చూడవలసింది ఆ వరుస ఉన్న కొత్త రోగి 3, 4 పడకల్లో వస్తున్నారా లేదా అన్నది. ఎనిమిది, పది వారాలు ఎవరూ రాకపోతే దారి మూసుకుందని అనుకోవచ్చు.

నీళ్లు సున్నా ఉండి, చిమ్ముడు ఆగిపోయి కూడా అదే వరుస మళ్లీ వస్తే, సింకును వదిలి పడక దగ్గరి తడి చూడండి. నేను మొదట చేయి పెట్టేది హ్యుమిడిఫయర్ సీసామీద. దానిలో స్టెరైల్ నీళ్లు ఉన్నాయా, కుళాయి నీళ్లా. నిన్నటి నీళ్లమీదే నింపుతున్నారా. వాడకంలో లేనివాటిని ఖాళీచేసి, కడిగి, బోర్లించి ఆరబెట్టారా, లేక అడుగున అంగుళం నీటితో గోడకే వేలాడుతున్నాయా అన్నది చూడండి. ఆ అడుగు నీటినుంచి 100 మిల్లీలీటర్లు రాకపోతే, ఉన్నంత పట్టి, ఎంత పట్టారో సీసామీద రాసి, అయిదో దశలో చెప్పినట్టే ల్యాబుకు పంపండి.